ఆఫర్ లెటర్ వచ్చింది, ఫోన్‌లో చెప్పినవి కొన్ని అందులో లేవు. ఒప్పుకుంటూ మెయిల్ ఎలా రాయాలి?

కొత్త_పుట · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడు రౌండ్ల ఇంటర్వ్యూల తర్వాత ఈ సాయంత్రం ఆఫర్ లెటర్ వచ్చింది. గిడ్డంగులు నడిపే కంపెనీ, ఆపరేషన్స్ అనలిస్ట్ పోస్టు. నిజంగా చాలా సంతోషంగా ఉంది, ఈ పనే కావాలని రెండేళ్లుగా చూస్తున్నాను. గురువారం సాయంత్రం 5 లోపు ఈ-సైన్ లింక్‌లో సంతకం చేసి, మెయిల్‌లో కూడా ఒప్పుకుంటున్నట్టు రాయమన్నారు.

లెటర్ రెండోసారి చదువుతుంటే మూడు చోట్ల ఆగిపోయాను. ఒకటి, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని అని హెచ్ఆర్ ఫోన్‌లో చెప్పారు, లెటర్‌లో "పని స్థలం: ఆఫీసు" అని మాత్రమే ఉంది. రెండు, చేరాల్సిన తేదీ 4 అని ఉంది, ఇక్కడ నా నోటీస్ 10వ తేదీకి గానీ పూర్తవదు. మూడు, జాయినింగ్ బోనస్ 12 నెలల లోపు మానేస్తే తిరిగి కట్టాలట, ఆ సంగతి ఫోన్‌లో అసలు రాలేదు. జీతం, పోస్టు పేరు మాత్రం చెప్పినట్టే ఉన్నాయి.

నేను రాసుకున్న మెయిల్ ఇది. పంపేది ఇంగ్లీష్‌లోనే, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను:

"మేడమ్, ఈ అవకాశం ఇచ్చినందుకు ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. ఇది నా కలల ఉద్యోగం. మీ కంపెనీలో చేరడం నా అదృష్టం. ఫోన్‌లో మనం మాట్లాడుకున్నట్టు అన్ని షరతులకూ నేను ఒప్పుకుంటున్నాను. ఎప్పుడు రమ్మంటే అప్పుడు చేరడానికి సిద్ధం."

ఇది పంపేయవచ్చా?

రాజు_ఆన్_డ్యూటీ · సోమవారం రాత్రి 10:05

కంగ్రాట్స్ బ్రో. ముందు ఇప్పుడున్న చోట మర్యాదగా రిజైన్ మెయిల్ పెట్టు, రెండు లైన్లు చాలు, కారణాలు రాయకు. నోటీస్ తగ్గించమని మేనేజర్‌ని అడుగు, చాలామంది ఒప్పుకుంటారు. 4వ తేదీ సమస్య అక్కడే తీరిపోతుంది కదా.

కొత్త_పుట · సోమవారం రాత్రి 10:12

థాంక్స్ అన్నా. నేను అడిగింది రిజైన్ మెయిల్ గురించి కాదు, కొత్త కంపెనీకి ఒప్పుకుంటూ రాసే మెయిల్ గురించి. ఇక్కడ ఇంకా ఎవరికీ చెప్పలేదు.

పాత_రిక్రూటర్ · సోమవారం రాత్రి 10:50

పంపకండి. దయచేసి రేపటి దాకా ఆగండి.

పద్నాలుగేళ్లు నియామకాల పని చేశాను, ఇలాంటి మెయిళ్లు వందల కొద్దీ చదివాను. మీ డ్రాఫ్ట్‌లో రెండు వాక్యాలు మీకే ఎదురు తిరుగుతాయి. మొదటిది "ఫోన్‌లో మాట్లాడుకున్నట్టు". ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారో మీకు, ఆ హెచ్ఆర్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఆరు నెలల తర్వాత ఆవిడ వేరే కంపెనీకి వెళ్లిపోతే ఆ వాక్యానికి అర్థం చెప్పేవాళ్లే ఉండరు. రెండోది "ఎప్పుడు రమ్మంటే అప్పుడు". మీ నోటీస్ 10న ముగుస్తుందని మీరే అంటున్నారు. అంటే మీరు నిలబెట్టుకోలేని మాట రాసి ఇస్తున్నారు.

ఇప్పుడు మీ లెటర్ చివరి పేజీ తీయండి. సంతకం గడికి కాస్త పైన, "ఈ లెటర్‌కు ముందు నోటిమాటగా గానీ రాతలో గానీ జరిగిన సంభాషణలన్నిటి స్థానంలో ఈ లెటరే అమల్లో ఉంటుంది" అనే అర్థంలో ఒక పేరా ఉందేమో చూసి చెప్పండి.

కొత్త_పుట · సోమవారం రాత్రి 11:02

ఉంది అక్కా. 14వ పేరా. దాదాపు మీరు చెప్పిన మాటలే. నేను దాన్ని మామూలుగా అన్ని లెటర్లలో ఉండేదే అనుకుని దాటేశాను.

పాత_రిక్రూటర్ · సోమవారం రాత్రి 11:15

మామూలుగా ఉండేదే, మోసం ఏమీ కాదు. కానీ దాని పని అది చేస్తుంది. ఆ పేరా కింద సంతకం పెట్టాక "ఫోన్‌లో రెండు రోజులు అన్నారు కదా" అంటే, వాళ్లు ఆ పేరా చూపిస్తారు. అందుకని లెటర్‌లో లేనిది ఏదైనా కావాలంటే, సంతకానికి ముందే రాతలో రావాలి. వరస ముఖ్యం: ముందు స్పష్టత కోరుతూ ఒక మెయిల్, జవాబు వచ్చాక ఒప్పుకుంటూ ఇంకో మెయిల్, ఆ తర్వాత లింక్‌లో సంతకం. రెండింటినీ ఒకే మెయిల్‌లో కలపకండి.

నిబంధన_17 · మంగళవారం ఉదయం 7:20

అక్కతో కొంచెం విభేదిస్తున్నాను. నేను లా చదివాను. ఒక ఆఫర్‌కి మార్పులు కలిపి జవాబిస్తే అది ఒప్పుకోవడం కాదు, ఎదురు ఆఫర్ అవుతుంది, దాంతో అసలు ఆఫర్ చచ్చిపోతుంది. ఇంగ్లండ్‌లో 1840 నాటి హైడ్ వర్సెస్ రెంచ్ కేసు ఇందుకు ప్రసిద్ధం. ఒకాయన తన పొలం 1000 పౌండ్లకు అమ్ముతానన్నాడు, కొనేవాడు 950 ఇస్తానన్నాడు, అమ్మేవాడు కుదరదన్నాడు. అప్పుడు కొనేవాడు సరే 1000కే తీసుకుంటానన్నాడు. కోర్టు, ఇప్పుడు ఒప్పుకోవడానికి ఆ ఆఫర్ లేదు, నీ 950తోనే అది పోయింది అని తేల్చింది. కాబట్టి ప్రశ్నలు వేసి వచ్చిన ఉద్యోగం పోగొట్టుకోవద్దు. ముందు ఒప్పుకుని, చేరాక మాట్లాడుకోవడం మంచిది.

కొత్త_పుట · మంగళవారం ఉదయం 7:31

ఇది చదివాక టెన్షన్ ఎక్కువైంది. అంటే అడిగితే ఆఫర్ పోతుందా?

మెల్లగా_చదివేవాడు · మంగళవారం ఉదయం 8:45

పోదు. నిబంధన_17 గారు చెప్పిన కేసు నిజమే, కానీ దాన్నుంచి తీసిన ముగింపు సగమే సరైనది. నేను కాంట్రాక్టులు రాసే పనిలో ఉన్నాను, ఇది మాకు రోజూ ఎదురయ్యే తేడా.

950 ఇస్తానన్నవాడు అడగలేదు, తన ధర చెప్పాడు. అదే ఇంగ్లండ్‌లో 1880లో స్టీవెన్‌సన్ వర్సెస్ మెక్లీన్ అని ఇంకో కేసు వచ్చింది. ఇనుము అమ్ముతానని ఒకాయన ధర చెప్పి గడువిచ్చాడు. కొనేవాళ్లు, సరుకు రెండు నెలల్లో విడతలుగా ఇవ్వడానికి ఒప్పుకుంటారా, లేదంటే ఎక్కువలో ఎక్కువ ఎంత గడువిస్తారు అని టెలిగ్రాం కొట్టారు. అమ్మేవాడు దాన్ని తిరస్కారంగా తీసుకుని వేరేవాళ్లకు అమ్మేశాడు. కోర్టు అది వివరం అడగడమే, ఎదురు ఆఫర్ కాదు, అసలు ఆఫర్ బతికే ఉంది అని చెప్పింది.

అంటే తేడా మాటలో ఉంది. "రెండు రోజులు ఇంటి నుంచి పని ఇస్తేనే ఒప్పుకుంటాను" అని రాస్తే షరతు అవుతుంది. "రెండు రోజులు ఇంటి నుంచి పని అని అనుకున్నాం, లెటర్‌లో కనిపించలేదు, అది వర్తిస్తుందో లేదో చెప్పగలరా" అని రాస్తే ప్రశ్న. రెండోదానికి ఆఫర్ చావదు. ఏ దేశంలో ఏ చట్టం ఎలా ఉందో అక్కడివాళ్లను అడగాలి, కానీ ఈ మాట తీరు ఎక్కడైనా మేలే.

అన్నట్టు, గురువారం గడువు మాత్రం గడువే. ప్రశ్న అడిగినంత మాత్రాన అది దానంతటదే పెరగదు.

నిబంధన_17 · మంగళవారం ఉదయం 9:10

ఒప్పుకుంటున్నాను, రెండో కేసు నాకు గుర్తు రాలేదు. కానీ కోర్టు సంగతి వేరు, హెచ్ఆర్ మూడ్ వేరు. ప్రశ్నలు ఎక్కువైతే వెనక్కి తీసుకునే కంపెనీలు ఉన్నాయనే నా అభిప్రాయం.

చిన్ని_మబ్బు · మంగళవారం ఉదయం 10:30

నా సంగతి చెప్తాను, ఎందుకంటే నేను సరిగ్గా "చేరాక మాట్లాడుకుందాం" అనుకున్నదాన్ని. ఇంటర్వ్యూలో మేనేజర్ నాకు రాత్రి షిఫ్ట్ ఉండదని స్వయంగా చెప్పారు. లెటర్‌లో "అవసరాన్ని బట్టి ఏ షిఫ్ట్‌లోనైనా" అని ఉంది. ఆయన చెప్పారు కదా అని అదే రోజు సంతకం చేసి, చాలా చాలా సంతోషం అని మెయిల్ పెట్టాను. చేరిన ఏడో వారంలో ఆయన వేరే టీమ్‌కి మారిపోయారు. కొత్తాయన షిఫ్టుల పట్టికలో నా పేరు రాత్రికి వేశారు. అడిగితే లెటర్ చూపించారు, ఆయన తప్పేమీ లేదు, ఆయనకు ఆ మాట తెలియనే తెలియదు. చిన్న పిల్లాడిని పెట్టుకుని నాలుగు నెలలు రాత్రిళ్లు చేశాను. అప్పుడు ఒక్క లైన్ అడిగి ఉంటే, ఉంటుందనో ఉండదనో తెలిసేది. ఉంటుందన్నా బాధ లేదు, తెలిసి చేరేదాన్ని.

కొత్త_పుట గారూ, అడగండి.

ఉక్కు_గొంతు · మంగళవారం మధ్యాహ్నం 12:15

అడగడం సరే. కానీ ఆ సంతోషం అంతా తీసేయండి. కలల ఉద్యోగం, అదృష్టం అని రాస్తే ఇక వాళ్లు ఏదీ ఇవ్వరు, ఎలాగూ వస్తాడులే అనుకుంటారు. మెయిల్ అంటే మూడు లైన్లు. ఒప్పుకుంటున్నాను, తేదీ ఇది, ధన్యవాదాలు. నేను ఎప్పుడూ అలాగే రాస్తాను.

పాత_రిక్రూటర్ · మంగళవారం మధ్యాహ్నం 1:05

ఉక్కు_గొంతు గారూ, జీతం బేరం నడుస్తున్నప్పుడు మీ మాటలో కొంత నిజం ఉంది. ఇక్కడ బేరం అయిపోయింది. ఆఫర్ పంపాక మా వైపు ఉండే భయం వేరే: ఈ మనిషి చేరతాడా, ఇంకో ఆఫర్ తీసుకుని చివరి రోజు చేయి ఇస్తాడా అని. పొడిగా మూడు లైన్లు, వాటిలో మూడు ప్రశ్నలు ఉన్న మెయిల్ వస్తే ఆ భయం పెరుగుతుంది. అదే ప్రశ్నలు మనస్ఫూర్తిగా రాసిన రెండు వాక్యాల పక్కన ఉంటే, వస్తున్న మనిషి వివరాలు సరిచూసుకుంటున్నాడని అర్థమవుతుంది. నిబంధన_17 గారి హెచ్ఆర్ మూడ్ భయానికి కూడా ఇదే మందు.

కానీ "కలల ఉద్యోగం" ఎవరైనా ఎవరికైనా రాయగలిగిన మాట. దాన్ని చదివి నేను ఒక్కసారి కూడా ఆగలేదు. కొత్త_పుట గారూ, ఇంటర్వ్యూల్లో మీకు నిజంగా ఈ పని చేయాలనిపించిన క్షణం ఒకటి చెప్పండి. మెయిల్ కోసం కాదు, ఊరికే చెప్పండి.

కొత్త_పుట · మంగళవారం మధ్యాహ్నం 1:30

మూడో రౌండ్‌లో మేనేజర్ ఒక బోర్డు చూపించారు. కస్టమర్లు వెనక్కి పంపిన సరుకు మళ్లీ లెక్కల్లోకి ఎక్కడానికి వారం పడుతోంది, ఆ వారం ఎక్కడ పోతోందో మాకే సరిగ్గా తెలియదు అన్నారు. ఆ మాట అంత నిజాయితీగా చెప్పడం నాకు నచ్చింది. ఇంటికొచ్చి రాత్రంతా ఆ బోర్డు గురించే ఆలోచించాను.

పాత_రిక్రూటర్ · మంగళవారం మధ్యాహ్నం 1:38

అదే రాయండి. ఒక్క జాగ్రత్త: "ఆ వారాన్ని రెండు రోజులకు తగ్గిస్తాను" అని మాత్రం రాయకండి. లోపల ఏముందో చూడకుండా ఇచ్చిన మాట మొదటి సమీక్షలో మీ ముందుకే వస్తుంది. పని చేయాలని ఎదురుచూస్తున్నాను అంటే చాలు.

మెల్లగా_చదివేవాడు · మంగళవారం మధ్యాహ్నం 2:20

బోనస్ పేరా కూడా జాగ్రత్తగా చదవండి. 12 నెలల లోపు మానేస్తే అని ఉంది కదా, మొత్తం కట్టాలా, మిగిలిన నెలల వంతే కట్టాలా? 11 నెలలు నిండాక వెళ్లేవాడికి ఈ రెండింటి మధ్య చాలా తేడా. రెండో పద్ధతిలో పన్నెండో వంతు కడితే సరిపోతుంది, మొదటి పద్ధతిలో అంతా కట్టాలి. ఇంకోటి, మీరు మానేస్తేనా, వాళ్లు తీసేసినా కట్టాలా అన్నది కూడా చూడండి.

కొత్త_పుట · మంగళవారం మధ్యాహ్నం 2:41

"ఏ కారణం చేతనైనా ఉద్యోగం ముగిస్తే మొత్తం" అని ఉందండీ. ఇప్పుడు చూస్తే భయంగా ఉంది.

సరే, అందరి మాటలూ కలిపి మొదటి మెయిల్ ఇలా రాశాను:

"మేడమ్, ఆఫర్ లెటర్ అందింది, ధన్యవాదాలు. మూడో రౌండ్‌లో చూపించిన రిటర్న్‌ల బోర్డు ఇంకా నా బుర్రలోనే ఉంది, ఆ సమస్య మీద పని చేయాలని నిజంగా ఎదురుచూస్తున్నాను. ఒప్పుకుంటూ సంతకం చేసేముందు మూడు విషయాల్లో స్పష్టత కావాలి.

పని స్థలం దగ్గర ఆఫీసు అని ఉంది. గత శుక్రవారం ఫోన్‌లో వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని ఉంటుందని చెప్పారు. అది నాకు వర్తిస్తుందా, వర్తిస్తే లెటర్‌లో చేర్చగలరా?

చేరే తేదీ 4, మంగళవారం అని ఉంది. ఇక్కడ నా చివరి పనిదినం 10, సోమవారం. 11, మంగళవారం చేరగలను. తేదీ మార్చడం వీలవుతుందా?

జాయినింగ్ బోనస్ 12 నెలల లోపు ఉద్యోగం ముగిస్తే మొత్తం తిరిగి కట్టాలని ఉంది. కంపెనీయే ఉద్యోగం ముగించినా ఇది వర్తిస్తుందా? మిగిలిన నెలల వంతున లెక్కించే వీలుందా?

జవాబు రాగానే అదే రోజు సంతకం చేసిన లెటర్ పంపుతాను. గురువారం లోపు వీలుకాకపోతే శుక్రవారం సాయంత్రం వరకు గడువు ఇవ్వగలరా?"

పాత_రిక్రూటర్ · మంగళవారం మధ్యాహ్నం 3:00

పంపేయండి. తేదీల పక్కన వారం రాయడం చాలా మంచి పని. అంకెలతో మాత్రమే రాస్తే రోజు ముందా, నెల ముందా అన్న గందరగోళం నేను చాలాసార్లు చూశాను. ఆఫర్ వచ్చిన మెయిల్‌కే జవాబుగా పంపండి, కొత్త మెయిల్ మొదలుపెట్టకండి. అంతా ఒకే వరసలో ఉంటే రేపు వెతకడం సులువు.

రాజు_ఆన్_డ్యూటీ · మంగళవారం సాయంత్రం 6:30

రాత్రి ప్రశ్న సరిగ్గా చదవలేదు, సారీ బ్రో. ఇందాక చెప్పింది వెనక్కి తీసుకుంటున్నా. లెటర్‌లో "పాత ఉద్యోగాల వివరాల తనిఖీకి లోబడి" అని ఉందేమో చూడు. ఉంటే, ఆ తనిఖీ ఎప్పటికి పూర్తవుతుందో అడగకుండా ఇక్కడ రిజైన్ చేయకు. మా తమ్ముడు రిజైన్ చేసి కూర్చున్నాక తనిఖీ మూడు వారాలు సాగింది, చివరికి అంతా బాగానే అయింది గానీ ఆ మూడు వారాలు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

కొత్త_పుట · బుధవారం సాయంత్రం 5:50

జవాబు వచ్చింది!

తేదీ 11, మంగళవారంగా మార్చి కొత్త లెటర్ పంపారు. బోనస్ పేరాలో "కంపెనీ ఉద్యోగం ముగిస్తే వర్తించదు" అని చేర్చారు, కానీ వంతుల లెక్క కుదరదన్నారు, అందరికీ అదే విధానమట. రాజు అన్నా, తనిఖీ మాట ఉంది. ఫోన్ చేసి అడిగితే వారంలో అయిపోతుంది, అయ్యాక మెయిల్ పెడతాం అన్నారు.

ఇంటి నుంచి పని మాత్రం లెటర్‌లో పెట్టలేమన్నారు. అది టీమ్ విధానం, మారవచ్చు, కానీ ఇప్పుడు మీ టీమ్‌కి వారానికి రెండు రోజులు ఉంది అని మెయిల్‌లో రాశారు. ఇది చాలా?

మెల్లగా_చదివేవాడు · బుధవారం సాయంత్రం 6:25

హక్కుగా చాలదు. లెటర్‌లో 14వ పేరా అలాగే ఉంది, పైగా వాళ్లే మారవచ్చు అన్నారు. చేరిన నెలకే మార్చినా మీరు గట్టిగా అనలేరు.

చిన్ని_మబ్బు · బుధవారం సాయంత్రం 6:40

నాకైతే ఇదే చాలు అనిపిస్తోంది. మేనేజర్ మారితే కనీసం చూపించడానికి ఒక మెయిల్ ఉంటుంది. నా దగ్గర అది కూడా లేదు.

పాత_రిక్రూటర్ · బుధవారం రాత్రి 8:10

ఇద్దరి మాటా నిజమే. కొత్త_పుట గారూ, మిమ్మల్ని మీరు ఒకటి అడుగుకోండి: రేపు వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంటే ఈ ఉద్యోగం చేస్తారా? చేస్తాననుకుంటే సంతకం చేయండి. ఆ రెండు రోజులు లేకపోతే ఇల్లు నడవదు అనుకుంటే, ఈ మెయిల్ మీద ఆధారపడవద్దు.

కొత్త_పుట · బుధవారం రాత్రి 10:20

ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. ఐదు రోజులైనా వెళ్తాను, ప్రయాణం కష్టమే గానీ వెళ్తాను. బోనస్ డబ్బు ఏడాది దాకా ముట్టుకోకూడదని కూడా అనుకున్నాం. ఒప్పుకుంటూ రాసిన మెయిల్ ఇది, రేపు ఉదయం పంపుతాను:

"మేడమ్, ఆపరేషన్స్ అనలిస్ట్ పోస్టుకు మీరు ఈ రోజు పంపిన సవరించిన ఆఫర్ లెటర్‌ను ఒప్పుకుంటున్నాను. సంతకం చేసిన కాపీ జత చేశాను.

సవరించిన లెటర్ ప్రకారం నేను 11, మంగళవారం చేరతాను. జీతం, వేరియబుల్ లెటర్‌లోని పట్టికలో ఉన్నట్టే. జాయినింగ్ బోనస్ తిరిగి కట్టాలన్న షరతు కంపెనీ ఉద్యోగం ముగించిన సందర్భంలో వర్తించదు. ఇప్పుడున్న టీమ్ విధానం ప్రకారం వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని ఉంటుందని, అది మారవచ్చని మీ మెయిల్ ద్వారా తెలుసుకున్నాను. వివరాల తనిఖీ పూర్తయినట్టు మీ మెయిల్ అందగానే ఇక్కడ రాజీనామా ఇస్తాను.

అడిగినవాటికి ఒక్క రోజులో జవాబిచ్చినందుకు ధన్యవాదాలు. రిటర్న్‌ల బోర్డులో ఆ వారం ఎక్కడ పోతోందో టీమ్‌తో కలిసి వెతకాలని ఉంది. చేరేలోపు చదవదగ్గవి ఏమైనా ఉంటే పంపగలరు."

పాత_రిక్రూటర్ · బుధవారం రాత్రి 10:45

ఒక మార్పు. "మీరు ఈ రోజు పంపిన" అన్నచోట లెటర్ మీదున్న తేదీ వేయండి. రేపు ఉదయం పంపితే "ఈ రోజు" తప్పవుతుంది, పైగా ఇప్పుడు మీ దగ్గర రెండు లెటర్లు ఉన్నాయి. పాత లింక్‌లో పొరపాటున సంతకం చేయకండి, కొత్త లింక్ తెరిచి 11వ తేదీ కనిపిస్తోందో లేదో చూశాకే చేయండి. సంతకాలైన కాపీ, ఈ మెయిళ్లు అన్నీ మీ సొంత మెయిల్‌లో, కంప్యూటర్‌లో దాచుకోండి. ఆ లింకులు కొన్నాళ్లకు తెరుచుకోవు.

ఉక్కు_గొంతు · బుధవారం రాత్రి 11:00

చివరి పేరా నేనైతే ఇప్పటికీ రాయను. మిగతాదంతా బాగుంది.

కొత్త_పుట · గురువారం ఉదయం 10:15

పంపేశాను. కొత్త లింక్‌లోనే సంతకం చేశాను. నిజంగానే పాత లింక్ మెయిల్‌లో పైనే ఉంది అక్కా, చూసుకోకపోతే దాన్నే నొక్కేవాణ్ని. మేనేజర్ అప్పుడే జవాబిచ్చారు, బోర్డుకి సంబంధించిన రెండు పాత నివేదికలు పంపుతానన్నారు.

రాజు_ఆన్_డ్యూటీ · గురువారం ఉదయం 10:22

తనిఖీ మెయిల్ వచ్చాకే రిజైన్, గుర్తుంది కదా బ్రో.

కొత్త_పుట · గురువారం ఉదయం 10:24

గుర్తుంది అన్నా. కాకపోతే నా నోటీస్ లెక్క ప్రకారం వచ్చే సోమవారానికి ఇవ్వకపోతే 10వ తేదీ కూడా దాటిపోతుంది. శుక్రవారానికి తనిఖీ మెయిల్ రాకపోతే ఏం చేయాలి? తేదీ ఇంకోసారి మార్చమని అడగవచ్చా?

పాత_రిక్రూటర్ · గురువారం ఉదయం 11:40

శుక్రవారం దాకా ఆగకండి, ఇప్పుడే రాయండి. తనిఖీ మెయిల్ సోమవారం తర్వాత వస్తే, ఆలస్యమైనన్ని రోజులు చేరే తేదీ కూడా వెనక్కి జరుగుతుందని రెండు లైన్లు, అదే మెయిల్ వరసలో. ఆలస్యం వాళ్ల వైపు నుంచి కాబట్టి మామూలుగా ఒప్పుకుంటారు. ఏమన్నారో ఇక్కడ చెప్పండి.